గొలుసుకు మీ ఆర్డర్ నంబర్ తెలియదు

(హన్మకొండలో ఒక ఆదివారం సాయంత్రం వ్యాపారులు, డిగ్రీ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వాళ్లకు వినపడుతోందా? సరే.

నేను కొత్తవాడలో పుట్టి పెరిగినవాణ్ణి. మా ఇంట్లో మగ్గం ఉండేది. నేను మాత్రం కంప్యూటర్ల వైపు పోయాను. ఇప్పుడు ఇంట్లో కూర్చునే ఒక విదేశీ కంపెనీకి పని చేస్తున్నాను. ఆ కంపెనీ సర్వర్లు అద్దెకిస్తుంది. కొనేవాళ్లు డబ్బు కట్టే పేజీ ఉంటుంది కదా, చెకౌట్ అంటాం, దాని వెనక నడిచే ప్రోగ్రాం చూసుకోవడం నా పని. అక్కడ కార్డుతో కట్టొచ్చు, స్టేబుల్‌కాయిన్‌తోనూ కట్టొచ్చు. ఇవాళ ఆ రెండో దాని గురించి చెప్తాను.

ఒక ఫోన్ కాల్‌తో మొదలుపెడతాను. నయీంనగర్‌లో నాకు తెలిసిన కుర్రాడు ఒకడున్నాడు. వాడికి సర్వర్ కావాలంటే మా కంపెనీ పేరు నేనే చెప్పాను. ఒకరోజు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశాడు. "అన్నా, నలభై డాలర్లు పంపిన. నా దాంట్ల కట్ అయినయ్. కన్ఫర్మ్డ్ అని గూడ వచ్చింది. మీ పేజీల మాత్రం టైం అయిపోయింది, ఆర్డర్ క్యాన్సిల్ అంటున్నది. పైసలు ఎటు పోయినయ్?"

వాడు చెప్పింది అబద్ధం కాదు. మా పేజీ చూపించిందీ అబద్ధం కాదు. డబ్బు నిజంగానే వచ్చింది, ఆర్డర్ నిజంగానే రద్దయింది. ఆ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో అర్థమైతే ఈ చెల్లింపు అర్థమైనట్టే.

స్టేబుల్‌కాయిన్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పి ముందుకు పోతాను. ఒక కంపెనీ డాలర్లు, వాటితో సమానమైన ఆస్తులు దగ్గర పెట్టుకుని, ఒక్కో డాలరుకు ఒక్కో టోకెన్ చొప్పున నెట్‌వర్క్‌లో విడుదల చేస్తుంది. టెథర్ కంపెనీది యూఎస్‌డీటీ, సర్కిల్ కంపెనీది యూఎస్‌డీసీ. ధర బిట్‌కాయిన్‌లా పైకీ కిందికీ ఎగరదు కాబట్టి షాపులు తీసుకుంటాయి. ఎప్పుడూ ఎగరదని మాత్రం రాసివ్వలేం. 2023 మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు మూతపడినప్పుడు సర్కిల్ డబ్బు 330 కోట్ల డాలర్లు అందులో ఇరుక్కున్నాయి. రెండు మూడు రోజుల పాటు యూఎస్‌డీసీ డాలరు కంటే కిందే ఉంది, ఒక దశలో 90 సెంట్ల కిందికి కూడా దిగి, మళ్లీ లేచింది. ఒక టోకెన్ అంటే ఒక డాలర్ అని కళ్లు మూసుకుని లెక్క కట్టే షాపులకు ఆ శని, ఆదివారాలు నిద్ర లేదు.

ఇప్పుడు అసలు విషయం. మీరు చౌరస్తాలో చాయ్ తాగి ఫోన్‌పే కొడతారు. ఆ చెల్లింపుతో పాటు దుకాణం పేరు, ఒక రిఫరెన్స్ నంబరు, ఇటు మీ బ్యాంకు, అటు వాళ్ల బ్యాంకు, మధ్యలో ఎన్‌పీసీఐ, అన్నీ ఉంటాయి. డబ్బు మధ్యలో ఆగితే వెనక్కి వేయడానికి ఒక పద్ధతి ఉంది, ఫిర్యాదు చేయడానికి ఒక చోటు ఉంది. స్టేబుల్‌కాయిన్ చెల్లింపులో వీటిలో ఏదీ లేదు. ఫలానా అడ్రస్ నుంచి ఫలానా అడ్రస్‌కు ఇంత వెళ్లింది. గొలుసు, అంటే బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి చిట్టా, దాని మీద రాసి ఉండేది అంతే. ఎవరు పంపారు, దేనికి పంపారు, ఏ ఆర్డర్ కోసం పంపారు అన్న సంగతి గొలుసుకు తెలియదు. డబ్బుకూ ఆర్డర్‌కూ ముడి వేసేది షాపు ప్రోగ్రాం ఒక్కటే. నేను చూసిన గొడవల్లో ఎక్కువ భాగం ఆ ముడి దగ్గరే వచ్చాయి.

ఆ ముడి ఎలా వేస్తామో చూద్దాం. మా కుర్రాడు రాత్రి 8:10కి ఆర్డర్ పెట్టాడు. బిల్లు 40 డాలర్లు. యూఎస్‌డీటీతో కడతానన్నాడు. ఆ టోకెన్ చాలా గొలుసుల మీద తిరుగుతుంది, ఒక్కో గొలుసును నెట్‌వర్క్ అంటాం. వాడు ట్రాన్ అనే నెట్‌వర్క్ ఎంచుకున్నాడు. పేజీ మీద ఒక క్యూఆర్, దాని కింద ఒక పొడుగాటి అడ్రస్, పక్కన 20 నిమిషాల గడియారం వచ్చాయి. ఆ అడ్రస్ మా కంపెనీ అందరికీ ఇచ్చే అడ్రస్ కాదు. ఆ ఆర్డర్ కోసం కేటాయించినది. అందరికీ ఒకే అడ్రస్ ఇస్తే, ఒకే నిమిషంలో ఇద్దరు చెరో నలభై పంపితే ఏది ఎవరిదో చెప్పలేం. అందుకని మా దగ్గర రహస్యంగా ఉండే ఒక పెద్ద సంఖ్య, మూల తాళంచెవి అనుకోండి, దాని నుంచి లెక్క ప్రకారం ఎన్ని కావాలంటే అన్ని అడ్రస్‌లు పుట్టించుకుంటాం. ఈ ఆర్డర్‌కు ఈ అడ్రస్ అని మా డేటాబేస్‌లో ఒక వరుస రాసుకుంటాం. ఆ వరుస మా దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండదు.

అడ్రస్ చూసి నెట్‌వర్క్ చెప్పొచ్చా అని చాలామంది అడుగుతారు. సగం చెప్పొచ్చు. ట్రాన్ అడ్రస్ `T` అక్షరంతో మొదలవుతుంది, మొత్తం 34 అక్షరాలు. ఇథీరియం అడ్రస్ `0x`తో మొదలవుతుంది, మొత్తం 42. ట్రాన్ అడ్రస్‌లో ఒక అక్షరం తప్పు కొడితే దాదాపు ఎప్పుడూ వాలెట్, అంటే టోకెన్లు పంపే యాప్, పట్టేసుకుంటుంది, ఎందుకంటే చివర్లో సరిచూసుకునే అంకెలు కలిపి ఉంటాయి. ఇథీరియం అడ్రస్‌కు పాలిగన్ నెట్‌వర్క్‌లో పంపితే మాత్రం ఏ వాలెట్టూ కాదనదు. ఇథీరియం, పాలిగన్, బీఎన్‌బీ చెయిన్, వీటన్నిటికీ అడ్రస్ రూపం ఒకటే. ఒకే ఇంటి నంబరు నాలుగు ఊళ్లలో ఉన్నట్టు. షాపు ఇథీరియంలో ఎదురుచూస్తుంటే మీరు అదే అడ్రస్‌కు బీఎన్‌బీ చెయిన్‌లో పంపారనుకోండి, డబ్బు పోదు, ఆ ఊళ్లో ఆ ఇంట్లో పడి ఉంటుంది. తాళంచెవి షాపు దగ్గరుంది కాబట్టి తీయొచ్చు. కానీ ఆ ఊళ్లో షాపు కాపలాదారు లేడు, ఎవరూ చూడరు. మీరు చెప్పాలి, వాళ్లు ఓపిగ్గా తీయాలి. ఆ పని మేం చేయం అని చాలా షాపులు ముందే నిబంధనల్లో రాసుకుంటాయి.

కుర్రాడు క్యూఆర్ స్కాన్ చేయలేదు. వాడి యూఎస్‌డీటీ సొంత వాలెట్‌లో లేదు, టోకెన్లు కొనీ అమ్మే ఒక ఎక్స్ఛేంజ్‌లో ఉంది. అక్కడ విత్‌డ్రా పేజీకి వెళ్లి అడ్రస్ పేస్ట్ చేసి, నలభై అని కొట్టి, ఓటీపీలు ఇచ్చి, 8:21కి బటన్ నొక్కాడు. ఇక్కడ రెండు సంగతులు జరిగాయి, వాడు రెండూ గమనించలేదు. ఆ ఎక్స్ఛేంజ్ విత్‌డ్రా రుసుము ఒక టోకెన్, దాన్ని పంపే నలభైలోంచే కోసుకుంది. అంటే మాకు బయల్దేరింది 39. రెండోది, బటన్ నొక్కగానే డబ్బు బయల్దేరలేదు. ఎక్స్ఛేంజ్ తన తనిఖీలన్నీ చేసుకుని వరుసలో పెట్టి, 8:32కి నెట్‌వర్క్‌లోకి వదిలింది. మన గడియారం 8:30కే ఆగిపోయింది.

గొలుసు మీద ఆ లావాదేవీ ఎలా కనపడుతుందో సంక్షిప్తంగా చూపిస్తాను. స్క్రీన్ చూడండి.

```
contract : TR7NHqjeKQxGTCi8q8ZY4pL8otSzgjLj6t
method   : transfer(to, value)
value    : 39000000
result   : SUCCESS
```

మొదటి వరుసలో ఉన్న అడ్రస్ మాదీ కాదు, కుర్రాడిదీ కాదు. ట్రాన్ మీద యూఎస్‌డీటీ లెక్కలు రాసే ప్రోగ్రాం అడ్రస్ అది, కాంట్రాక్టు అంటాం. మనం టోకెన్ పంపామంటే, నిజానికి ఏ వస్తువూ ప్రయాణం చేయదు. ఆ కాంట్రాక్టుకు కబురు పెడతాం, నా పేరు మీద ఉన్న దాంట్లో ఇంత తీసేసి ఫలానా వాళ్ల పేరు మీద రాయి అని. మూడో వరుసలో 39 కాకుండా మూడు కోట్ల తొంభై లక్షలు ఎందుకుందంటే, కాంట్రాక్టుకు దశాంశాలు రావు. ఒక టోకెన్‌ను పది లక్షల ముక్కలుగా లెక్కపెడుతుంది. మనం రూపాయల్ని పైసల్లో రాసుకున్నట్టు. ఇంకో తిరకాసు ఏంటంటే, ఇదే యూఎస్‌డీటీకి బీఎన్‌బీ చెయిన్‌లో ఆరు సున్నాలు కాదు, పద్దెనిమిది. ఆ సంగతి చూసుకోకుండా ప్రోగ్రాం రాసినవాడు వచ్చింది ఎంతో తప్పుగా లెక్కపెడతాడు.

ఆ మొదటి వరుస దగ్గర నేనూ ఒకసారి బోర్లా పడ్డాను. చెకౌట్ మొదటిసారి రాసినప్పుడు, వచ్చిన టోకెన్ పేరు యూఎస్‌డీటీ అని ఉందా, మొత్తం సరిపోయిందా అని మాత్రమే చూశాను. కాంట్రాక్టు అడ్రస్ పోల్చి చూడలేదు. టోకెన్‌కు పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు, దానికి రిజిస్ట్రారు ఆఫీసు లేదు. ఎవడో యూఎస్‌డీటీ అని పేరు పెట్టి సొంతంగా ఒక టోకెన్ అచ్చేసుకుని, అందులోంచి మాకు పంపి సర్వర్ తీసుకున్నాడు. మూడో ఆర్డర్‌కు గానీ నాకు తెలియలేదు. లెక్క తేలకపోతే ఖాతా మొత్తం తిరగేస్తే, వచ్చిన టోకెన్లన్నీ పనికిరాని కాగితాలు. (నవ్వులు) అప్పటి నుంచి పేరు చూడటం మానేశాను. కాంట్రాక్టు అడ్రస్ అక్షరం అక్షరం కలవాలి, కలవకపోతే అది నాకు కనపడనట్టే.

నాలుగో వరుసను కూడా తేలిగ్గా తీసుకోకండి. లావాదేవీ గొలుసు మీద ఉంది అంటే డబ్బు కదిలింది అని కాదు. ఖర్చుకు పెట్టిన మొత్తం చాలక మధ్యలో ఆగిపోయినా ఆ వైఫల్యం కూడా బ్లాకులో రాసి ఉంటుంది. దానికీ ఒక నంబరు ఉంటుంది, దానికీ కన్ఫర్మేషన్లు వస్తాయి. రుసుము పోతుంది, టోకెన్ కదలదు. లింకు పంపించి, చూడండి సార్ కన్ఫర్మ్ అయింది అనేవాళ్లు కొందరుంటారు. తెరిచి చూస్తే కింద ఎర్ర అక్షరాల్లో ఫెయిల్ అని ఉంటుంది.

ఇక కన్ఫర్మేషన్. ఎనుమాముల మార్కెట్ సేట్లు ముందు వరుసలో కూర్చున్నారు కాబట్టి వాళ్ల భాషలోనే చెప్తాను. అడ్తి దుకాణంలో చిట్టా రాస్తారు కదా. పేజీ నిండగానే అడుగున మొత్తం వేసి, తర్వాతి పేజీ మొదట్లో కిందటి పేజీ మొత్తం ఇంత అని ఎక్కిస్తారు. ఇప్పుడు ఇరవై పేజీల వెనక ఒక పద్దు ఎవరైనా దిద్దాలనుకుంటే ఆ పేజీ మొత్తం మారుతుంది, అది మారితే తర్వాతి పేజీ మొదటి వరుస మారాలి, అలా ఇరవై పేజీలూ తిరగ రాయాలి. బ్లాక్ అంటే ఒక పేజీ. ప్రతి బ్లాక్ మొదట్లో వెనకటి బ్లాక్ వేలిముద్ర ఉంటుంది. మీ చెల్లింపు ఉన్న పేజీ మీద ఇంకెన్ని పేజీలు పడ్డాయో ఆ లెక్కే కన్ఫర్మేషన్లు.

మరి చిట్టాకూ దీనికీ తేడా ఏమిటంటే, చిట్టా ఒక్క గుమస్తా రాస్తాడు, ఇక్కడ చాలామంది రాస్తారు. కొన్నిసార్లు ఇద్దరు ఒకేసారి నూటొకటో పేజీ రాసేస్తారు. కొంతమంది దగ్గరికి ఒకటి, కొంతమంది దగ్గరికి ఇంకొకటి చేరుతుంది. కాసేపటికి ఏదో ఒకదాని మీద తర్వాతి పేజీలు పడతాయి, రెండోది చించేస్తారు. చించిన పేజీలో ఉన్న పద్దు మళ్లీ వరుసలో నిలబడాలి. మామూలుగా ఇది ఒకటి రెండు పేజీల లోతే ఉంటుంది. రాసేవాళ్లలో సగానికి మించి బలం ఒకడి చేతికి చిక్కితే మాత్రం లోతు పెరుగుతుంది. 2020 ఆగస్టులో ఇథీరియం క్లాసిక్ అనే చిన్న నెట్‌వర్క్‌లో వేల బ్లాకులు ఇలా తిరగరాశారు. అక్కడ పది కన్ఫర్మేషన్లు చాలనుకున్నవాళ్ల పద్దులు చిరిగిన పేజీలతోనే పోయాయి. అందుకే ఎన్ని పేజీలు ఆగాలి అన్న ప్రశ్నకు అన్నిచోట్లా ఒకే జవాబు ఉండదు.

ట్రాన్‌లో రాసేవాళ్లు 27 మంది. ఓట్లతో ఎన్నికైనవాళ్లు, సూపర్ రిప్రజెంటేటివ్‌లు అంటారు. వంతుల వారీగా మూడు సెకన్లకొక పేజీ రాస్తారు. ఆ 27లో మూడింట రెండొంతులకు మించి, అంటే 19 మంది, మీ పేజీ మీద తమ పేజీలు పెట్టాక ఇక అది కదలదు అని లెక్క. పందొమ్మిది మూళ్లు యాభై ఏడు, దాదాపు నిమిషం. ఇథీరియంలో పేజీకి 12 సెకన్లు. పూర్తిగా ఖాయం కావడానికి, వాళ్ల లెక్కలో రెండు ఎపోక్‌లు, దాదాపు 13 నిమిషాలు. చిన్న బిల్లులకు షాపులు అంతసేపు ఆగవు, డజను బ్లాకులతో సరిపెట్టుకునేవి చాలా ఉన్నాయి. అది షాపు తీసుకునే రిస్కు. నలభై డాలర్లకు ఒకలా, నాలుగు వేల డాలర్లకు ఒకలా పెట్టుకోవడం తెలివైన పని.

మన కేసులో కన్ఫర్మేషన్ దగ్గర ఏ ఇబ్బందీ రాలేదు. 8:32 దాటాక బ్లాకులో పడింది, 8:34 కాకముందే ఖాయమైంది. జనం టెన్షన్ పడేది దీని గురించే, కానీ దీనంత నమ్మకంగా పని చేసే భాగం ఇంకోటి లేదు.

మరి ఇబ్బంది ఎక్కడ? ఆ 20 నిమిషాల గడియారం దగ్గర. మీరు అడగొచ్చు, డాలరు డాలరే కదా, రేటు మారదు కదా, మరి గడియారం ఎందుకని. మంచి ప్రశ్న. బిట్‌కాయిన్‌కైతే రేటు కోసం. స్టేబుల్‌కాయిన్‌కు కారణం వేరే ఉంది, బయటివాళ్లకు అది పెద్దగా తెలియదు.

ట్రాన్‌లో యూఎస్‌డీటీ పంపాలంటే ఎనర్జీ అనేది ఖర్చవుతుంది. అది ముందుగా సంపాదించుకుని ఉండకపోతే ఆ మేరకు టీఆర్‌ఎక్స్, అంటే ట్రాన్ సొంత నాణెం, కాలిపోతుంది. అందుకే వాలెట్‌లో వంద యూఎస్‌డీటీ ఉన్నా టీఆర్‌ఎక్స్ సున్నా అయితే చాలాసార్లు ఒక్కటి కూడా పంపలేరు. బండి నిండా మిర్చి బస్తాలున్నా ట్యాంకులో డీజిల్ లేనట్టు. ఇప్పుడు చూడండి, పంపేది పదైనా పదివేలైనా ఎనర్జీ ఒకటే. అందుకునే అడ్రస్‌లో ముందే యూఎస్‌డీటీ ఉంటే దాదాపు 65 వేల యూనిట్లు. ఆ అడ్రస్‌లో యూఎస్‌డీటీ సున్నా ఉంటే దాదాపు రెట్టింపు, లక్షా ముప్పై వేలు. ఎందుకంటే కాంట్రాక్టు పాత వరుసను దిద్దడం కాకుండా కొత్త వరుస తెరవాలి.

ప్రతి ఆర్డర్‌కు కొత్త అడ్రస్ ఇస్తే ఏమవుతుంది? సొంత వాలెట్ నుంచి పంపే ప్రతి కస్టమర్‌కూ రుసుము రెట్టింపు. మాకూ భారమే, ఎందుకంటే వేల అడ్రస్‌లలో తలా కాస్త పడిన డబ్బును మా పెద్ద ఖాతాలోకి ఊడ్చుకోవాలి, ఊడ్చిన ప్రతిసారీ ఎనర్జీ కావాలి. అందుకని చాలా చెకౌట్లు చేసే పని ఏంటంటే, కొన్ని వందల అడ్రస్‌లు పెట్టుకుని వాటినే తిప్పుతాయి. ఊడ్చేటప్పుడు కూడా పూర్తిగా ఊడ్చవు, టోకెన్‌లో పది లక్షల వంతు, ఒక్క ముక్క వదిలేస్తాయి. బోనంలో కాస్త మిగిల్చినట్టు అనుకోండి. (నవ్వులు) ఆ ముక్క ఉంటే అడ్రస్ సున్నా కాదు, తర్వాత పంపేవాడికి రుసుము సగం.

అర్థమైంది కదా, అడ్రస్ తిరిగి వాడాలంటే దానికి గడువు కావాలి. 8:30కి కుర్రాడి గడువు అయిపోయింది. 8:31కి అదే అడ్రస్ ఇంకెవరికో, ఏ దేశంలోనో, 60 డాలర్ల ఆర్డర్‌కు కేటాయించాం. 8:32కి కుర్రాడి 39 వచ్చి అందులో పడ్డాయి. మా ప్రోగ్రాం నమ్మకంగా లెక్క వేసింది. ఆ ముక్కూ మొహం తెలియని మనిషి పేజీ మీద "39 వచ్చాయి, ఇంకా 21 కట్టాలి" అని చూపించింది. 21 మాత్రమే కట్టి సర్వర్ తీసేసుకోవచ్చు, ఆయనేమనుకున్నాడో ఏమో, అలా చేయకుండా మాకు ఉత్తరం రాశాడు, నేనింకా పంపలేదండీ అని. ఆ మనిషి మంచివాడు కాబట్టి బతికిపోయాం.

ఇది గొలుసు తప్పు కాదు, కుర్రాడి తప్పు కూడా కాదు. మా తప్పు. గడువు ముగిసిన నిమిషానికే అడ్రస్‌ను ఇంకొకరికి ఇవ్వకూడదు. ఇప్పుడు గడువు అయ్యాక ఒక పూర్తి రోజు ఆ అడ్రస్‌ను పక్కన పెడుతున్నాం. ఆ లోపు ఏం వచ్చినా పాత ఆర్డర్‌కే రాస్తాం.

మరి ఆ 39 కుర్రాడివే అని ఎలా తేల్చాం? ఇది వినండి, ఎవరికైనా పనికొస్తుంది. పంపిన అడ్రస్ చూస్తే చాలు కదా అనుకుంటాం. కానీ అది వాడి అడ్రస్ కాదు, ఎక్స్ఛేంజ్ ఉమ్మడి వాలెట్ అడ్రస్. అదే అడ్రస్ నుంచి రోజూ వేలమంది డబ్బు బయటికి పోతుంటుంది. ఆ 39 తీసి, వచ్చిన చోటికే వెనక్కి పంపేద్దాం అని మా వాళ్లలో ఒకరు అన్నారు. పంపి ఉంటే ఎక్స్ఛేంజ్ పెద్ద గంగాళంలో పడేవి, అందులో ఈ చెంబెడు వాడిదని ఎక్స్ఛేంజ్‌కు తెలియడానికి దారి లేదు. కాబట్టి రెండు అడిగాం. మొదటిది లావాదేవీ నంబరు, 64 అక్షరాలు ఉంటుంది. రెండోది ఎక్స్ఛేంజ్‌లో వాడి విత్‌డ్రా వివరాల పేజీ. అందులో అదే నంబరు, మా అడ్రస్, 8:21 సమయం ఉన్నాయి. ఇటు మా డేటాబేస్‌లో 8:10 నుంచి 8:30 దాకా ఆ అడ్రస్ వాడి ఆర్డర్‌దే అని ఉంది. రెండు వైపులా కలిశాయి, ముడి చేత్తో వేశాం.

ఇంకా ఒక డాలర్ తక్కువ. ఆ ఒక్కటీ పంపు అని చెప్పొచ్చు, కానీ ఒకటి పంపడానికి ఎక్స్ఛేంజ్ మళ్లీ ఒకటి కోస్తుంది, అసలు అంత చిన్న మొత్తం విత్‌డ్రా చేయనివ్వదు. మేమే వదులుకున్నాం. మీరు ఎప్పుడైనా ఎక్స్ఛేంజ్ నుంచి నేరుగా షాపుకు కట్టాల్సి వస్తే, మీరు కొట్టిన అంకె కాదు, "అందుకునే మొత్తం" అని కింద చిన్నగా చూపిస్తుంది, ఆ అంకె బిల్లుతో సరిపోవాలి.

ప్రశ్నలుంటే అడగండి.

ఒక విద్యార్థిని: సార్, అడ్రస్ అంత పొడుగుంటుంది కదా. మొదటి నాలుగు, చివరి నాలుగు చూసుకుంటే చాలదా?

చాలదమ్మా. మోసగాళ్లకు కూడా అందరూ అవే చూస్తారని తెలుసు. మీరు ఒక అడ్రస్‌కు డబ్బు పంపగానే, మొదటి అక్షరాలు, చివరి అక్షరాలు అచ్చం దానిలాగే ఉండే ఇంకో అడ్రస్ తయారు చేస్తారు. కంప్యూటర్‌ను కాసేపు తిప్పితే అలాంటివి దొరుకుతాయి. దాన్నుంచి మీకు సున్నా టోకెన్లో, పిసరంతో పంపుతారు, అది మీ హిస్టరీలో కూర్చుంటుంది. ఇంకోసారి పంపేటప్పుడు మీరు హిస్టరీలోంచి కాపీ చేస్తారు, డబ్బు వాడికి పోతుంది. హిస్టరీ నుంచి ఎప్పుడూ కాపీ చేయకండి. షాపు పేజీలోంచి ఆ పూటకు ఆ పూట తీసుకోండి, పేస్ట్ చేశాక నడుమ అక్షరాలు కూడా ఒక ఐదారు కలిపి చూడండి. కాపీ చేసినప్పుడు ఒకటి, పేస్ట్ చేస్తే ఇంకొకటి వచ్చేలా చేసే వైరస్‌లు కూడా ఉన్నాయి, కాబట్టి చూడాల్సింది పేస్ట్ అయ్యాక.

ఒక వ్యాపారి: బయటి దేశం పార్టీ ఒకడు మిర్చికి యూఎస్‌డీటీ ఇస్తానంటున్నడు. తీసుకోవచ్చా?

సేట్, ఎగుమతి డబ్బు అధీకృత బ్యాంకు ద్వారా రావాలన్నది మన దగ్గర ఫెమా నిబంధన. సరుకు పంపి టోకెన్లు తీసుకుంటే ఆ బిల్లును బ్యాంకులో ఎలా మూస్తారు? ఇంకో లెక్క కూడా ఉంది. 2022 నుంచి వీటిని వర్చువల్ డిజిటల్ ఆస్తులు అంటున్నారు. వచ్చిన లాభం మీద 30 శాతం పన్ను, బదిలీ మీద ఒక శాతం టీడీఎస్. వీటితో ఏదైనా కొన్నా అది బదిలీ కిందికే వస్తుంది. టెలిగ్రామ్‌లో ఎవరికో టోకెన్లిచ్చి రూపాయలు ఖాతాలో వేయించుకుంటే, ఆ రూపాయలు ఏ సైబర్ మోసానివో అయ్యుంటే మీ ఖాతాకు తాళం పడుతుంది. మీ సీఏను అడక్కుండా అడుగు వేయకండి. నేనైతే బ్యాంకులోనే వేయమంటాను.

అదే వ్యాపారి: సరే. పంపినంక, కన్ఫర్మ్ అయినంక, వాడు వెనక్కి గుంజుకుంటడా?

పంపినవాడు గుంజుకోలేడు. టెథర్ గానీ సర్కిల్ గానీ మాత్రం ఒక అడ్రస్‌ను స్తంభింపజేయగలవు, ఆ అధికారం కాంట్రాక్టులోనే రాసి ఉంది. దొంగసొత్తు అని తేలినప్పుడు, పోలీసులో కోర్టులో అడిగినప్పుడు వాడతారు. అప్పుడు టోకెన్లు మీ పేరు మీద కనపడుతూనే ఉంటాయి, కదలవు. మిగతా అన్ని సందర్భాల్లో వెనక్కి రావాలంటే అవతలివాడు కొత్తగా ఇంకో లావాదేవీ చేసి పంపాలి. షాపు రిఫండ్ ఇస్తానంటే అడ్రస్ మీరే రాసివ్వండి. ఎక్స్ఛేంజ్‌లో మీ డిపాజిట్ అడ్రస్ ఉంటుంది, అది ఇవ్వండి. ఏ నెట్‌వర్కో కూడా పక్కనే రాయండి.

మా నయీంనగర్ కుర్రాడికి ఆ రాత్రి పదకొండున్నరకు సర్వర్ ఆన్ అయింది. పొద్దున మళ్లీ ఫోన్ చేశాడు. పాస్‌వర్డ్ మర్చిపోయాడట. (నవ్వులు)